పెన్ డ్రైవ్‌లో పెళ్లి ఉంది, టీవీలో ఎందుకు రాదు?



మా నంద్యాల జిల్లా బనగానపల్లెలో పెళ్లి వీడియో ఒకప్పుడు క్యాసెట్టులో వచ్చేది, తర్వాత డీవీడీలో వచ్చింది. ఇప్పుడు పెళ్లి మొత్తం వేలెడంత పెన్ డ్రైవ్‌లో సర్దుకుని వస్తోంది. వీడియోలు ఎడిట్ చేసి ఇచ్చే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, ఆ పెన్ డ్రైవ్ ఇంటికి వెళ్లిన మరునాడు వచ్చే ఫోను ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. "ఏమప్పా, మా ఇంట్లో బాగా ఆడింది గదా, వియ్యంకుల ఇంట్లో పెడితే తెర నల్లగా ఉందంట. పెన్ డ్రైవ్ చెడిపోయిందా?" అని అడుగుతారు. పెన్ డ్రైవ్ చెడిపోవడం చాలా అరుదు. వియ్యంకుల టీవీ కూడా బాగానే ఉంటుంది. తేడా ఎక్కడుందో కనుక్కోవాలంటే టీవీ ఆ పెన్ డ్రైవ్‌ను ఎలా చదువుతుందో కొంచెం తెలియాలి. ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

పెన్ డ్రైవ్ పెట్టగానే టీవీ ఒకదాని తర్వాత ఒకటిగా మూడు పనులు చేస్తుంది. మొదట పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు ఏ పద్ధతిలో సర్ది ఉన్నాయో చూస్తుంది. తర్వాత ఒక్కో ఫైలును తెరిచి, లోపల బొమ్మ ఏ పద్ధతిలో కుదించి ఉందో చూస్తుంది. ఆ తర్వాత శబ్దం సంగతి చూస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా అక్కడే ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో తెర మీద కనిపించే తీరును బట్టి మనం చెప్పేయవచ్చు. పెన్ డ్రైవే కనిపించకపోతే మొదటి మెట్టు దగ్గర ఆగినట్టు. ఫైలు పేరు కనిపించి, నొక్కితే ఆడకపోతే రెండో మెట్టు. బొమ్మ కదులుతూ మాట వినిపించకపోతే మూడోది.

ఒక పెళ్లిని ఉదాహరణగా తీసుకుందాం. అమ్మాయిది బనగానపల్లె, అబ్బాయిది కడప వైపు. గండికోటలో పెళ్లికి ముందు షూటింగ్ చేశారు, డ్రోను కూడా ఎగరేశారు. పెళ్లి వీడియో నాలుగు గంటలు వచ్చింది. అమ్మాయి అన్న కువైట్ నుంచి సెలవు మీద వచ్చి తన ఐఫోనులో వీడియోలు, ఫొటోలు తీసుకున్నాడు. ఇవన్నీ, ఆల్బం పేజీలతో సహా, ఒక్క పెన్ డ్రైవ్‌లో వేయించారు. అమ్మాయి వాళ్లింట్లో మూడేళ్ల కిందట కొన్న ఫోర్‌కే స్మార్ట్ టీవీ ఉంది. అబ్బాయి వాళ్లింట్లో పదేళ్లు దాటిన ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. అదే పెన్ డ్రైవ్ ఆ రెండిళ్లలో ఎలా నడుచుకుంటుందో మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు పెన్ డ్రైవ్ ఫార్మాట్. కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి Properties చూస్తే File system అనే చోట ఒక పేరు ఉంటుంది. అది ఫ్యాట్ 32 కావచ్చు, ఎక్స్‌ఫ్యాట్ కావచ్చు, ఎన్‌టీఎఫ్‌ఎస్ కావచ్చు. యూఎస్‌బీలో వీడియో ఆడించే టీవీ ఎంత పాతదైనా ఫ్యాట్ 32ను చదువుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చాలా టీవీలు చదువుతాయి, కొన్ని చదవవు. ఎక్స్‌ఫ్యాట్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. చాలా ఏళ్లపాటు దాన్ని వాడుకోవాలంటే టీవీ కంపెనీలు లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. అందుకే కొత్త టీవీలు దాన్ని గుర్తుపట్టినా, పాతవాటిలో చాలావాటికి అది తెలియదు. ఇక స్టూడియోలో యాపిల్ కంప్యూటర్ ఉండి, దాని సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఇచ్చారంటే మామూలు టీవీకి ఆ పెన్ డ్రైవ్ ఖాళీగానో, అసలు లేనట్టుగానో కనిపిస్తుంది.

అలాంటప్పుడు అందరూ ఫ్యాట్ 32లోనే ఇవ్వొచ్చు కదా అని మీరు అడగవచ్చు. దానికి ఒక హద్దు ఉంది. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. పెన్ డ్రైవ్‌లో చోటు ఎంత ఉన్నా సరే, ఒక్కో ఫైలుకు ఆ హద్దు తప్పదు. మన నాలుగు గంటల పెళ్లిని స్టూడియోవాళ్లు ఒకే ఫైలుగా చేస్తే అది 14 జీబీ దాటింది. ఫ్యాట్ 32 పెన్ డ్రైవ్‌లో వేయబోతే, ఖాళీ ఉన్నా ఫైలు మరీ పెద్దదంటూ కంప్యూటర్ ఒప్పుకోలేదు. దాంతో వాళ్లు పెన్ డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చి అందులో వేశారు. అమ్మాయి వాళ్ల కొత్త టీవీ చదివింది, అబ్బాయి వాళ్ల పాత టీవీ పెన్ డ్రైవ్‌నే గుర్తించలేదు. వియ్యంకుల ఇంటి నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదుకు కారణం ఇదే.

దీనికి మందు లెక్కలోనే ఉంది. ఫుల్ హెచ్‌డీ పెళ్లి వీడియో టీవీలో చూడటానికి సెకనుకు 80 లక్షల బిట్లు సరిపోతాయి. ఎడిటింగ్ చేసేవాళ్లు దీన్ని 8 ఎంబీపీఎస్ అంటారు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, అది సెకనుకు 10 లక్షల బైట్లు. గంటకు 3,600 సెకన్లు. అంటే గంట వీడియోకు 360 కోట్ల బైట్లు, శబ్దం కలుపుకుంటే సుమారు 370 కోట్లు. ఫ్యాట్ 32 హద్దు 429 కోట్లు. కాబట్టి గంటకొక ఫైలుగా విడగొడితే ప్రతి ఫైలూ హద్దు లోపలే ఉంటుంది. ఎదురుకోలు, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అని నాలుగు భాగాలు చేస్తే చూసేవాళ్లకూ సులువే. కావలసిన ఘట్టం కోసం నాలుగు గంటల వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ కూర్చోనక్కర్లేదు. నాలుగు ఫైళ్లూ కలిపి 15 జీబీకి దగ్గరగా వస్తాయి. ఫొటోలు కూడా ఉంటాయి కాబట్టి 32 జీబీ పెన్ డ్రైవ్ తీసుకోవాలి, 16 చాలదు.

32 జీబీ అనడానికి మరో కారణం కూడా ఉంది. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేసే పెట్టెలో ఇన్నేళ్లూ 32 జీబీ వరకే ఫ్యాట్ 32 ఎంచుకునే వీలు ఉండేది. 64 జీబీ పెన్ డ్రైవ్ పెడితే ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రమే చూపించేది. అందుకని పాత టీవీ ఉన్న ఇంటికి ఇవ్వాలనుకుంటే 64 కన్నా 32దే మేలు. ఫార్మాట్ చేస్తే పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ముందుగా అన్నీ కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకుని, ఆ తర్వాతే Format నొక్కి, File system దగ్గర FAT32 ఎంచుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆండ్రాయిడ్ టీవీకి పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు, దాన్ని టీవీ సొంత స్టోరేజీగా వాడుకోమంటారా అని తెర మీద అడిగే అవకాశం ఉంది. దానికి ఒప్పుకుంటే టీవీ పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేస్తుంది, పెళ్లి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. రిమోట్ పిల్లల చేతిలో ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఫార్మాట్ అనే మాట టీవీలో ఎక్కడ కనిపించినా ఒప్పుకోకుండా వెనక్కి రండి.

పెన్ డ్రైవ్ కాకుండా హార్డ్ డిస్కు పెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కుకు కరెంటు ఎక్కువ కావాలి. టీవీ వెనక ఉండే యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియరు మాత్రమే. డిస్కు మొదలవుతూ టిక్కు టిక్కుమని ఆగిపోతోందంటే ముందే ఫైళ్లను అనుమానించకండి, కరెంటు చాలడం లేదేమో చూడండి. అలాగే కొన్ని పాత టీవీల యూఎస్‌బీ పోర్టు పక్కన Service అని రాసి ఉంటుంది. అది మెకానిక్కు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి పెట్టిన పోర్టు, అందులో ఏ పెన్ డ్రైవ్ పెట్టినా సినిమా ఆడకపోవచ్చు.

రెండో మెట్టుకు వద్దాం. అసలు తికమకంతా ఇక్కడే ఉంది. ఫైలు పేరు చివర ఎంపీ4 అనో, ఎంకేవీ అనో, ఎంఓవీ అనో, ఏవీఐ అనో ఉంటుంది. అది చూసి, మా టీవీ ఎంపీ4 ఆడుతుందని పెట్టె మీద రాశారే, మరి ఈ ఎంపీ4 ఎందుకు ఆడదు అంటారు. మన ఊరి వాళ్లకు ఇది చెప్పడం సులువు. మామిడి పెట్టె మీద బంగినపల్లి అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఏ రకం కాయ ఉందో తెలియదు, మూత తీసి చూడాల్సిందే. ఎంపీ4 అన్నది పైనున్న పెట్టె మాత్రమే. లోపల బొమ్మను కుదించిన పద్ధతి వేరే సంగతి. ఆ పద్ధతిని కోడెక్ అంటారు. టీవీ ఆడేదీ ఆడనిదీ ముఖ్యంగా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మన చుట్టూ ఎక్కువగా తిరుగుతున్న కోడెక్‌లు రెండు. ఒకటి హెచ్ 264. ఇది 2003లో ఖరారైంది. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీల్లో యూఎస్‌బీ ద్వారా వీడియో ఆడేవన్నీ దాదాపుగా దీన్ని ఆడతాయి. రెండోది 2013లో వచ్చిన హెచ్ 265, దీనికే హెచ్‌ఈవీసీ అని ఇంకో పేరు. నాణ్యత తగ్గకుండానే ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది. ఫోర్‌కే టీవీలు సాధారణంగా దీన్ని ఆడతాయి. అంతకు ముందు తరం ఫుల్ హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి అది తెలియదు.

తర్వాత నేర్పించకూడదా అంటే, టీవీలో అది కుదరదు. వీడియోను విప్పి చూపే పని టీవీ లోపలి చిప్పులో, ఆ పనికోసమే చేసిన భాగం చేస్తుంది. కంప్యూటర్ ప్రాసెసర్‌కు బలం ఎక్కువ కాబట్టి, కొత్త కోడెక్ వస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని అయినా ఆడేస్తుంది. టీవీ ప్రాసెసర్‌కు అంత శక్తి ఉండదు. చిప్పులో ఆ విద్య లేకపోతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా రాదు. ఆండ్రాయిడ్ టీవీలో వీఎల్‌సీ లాంటి యాప్ వేసుకుంటే కొన్ని ఫైళ్లు కొత్తగా ఆడతాయి, నిజమే. కానీ చిప్పుకు తెలియని ఫోర్‌కే వీడియోను ఆ యాప్‌లో పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, మాట ముందుకు పోతుంది.

మన పెన్ డ్రైవ్‌కు వద్దాం. గండికోట డ్రోను వీడియోను స్టూడియోవాళ్లు ఫోర్‌కేలో, హెచ్ 265లో ఇచ్చారు. అమ్మాయి వాళ్ల టీవీలో పెన్నా లోయ కళ్లకు కట్టినట్టు కనిపించింది. పెన్ డ్రైవ్‌ను ఫ్యాట్ 32లోకి మార్చి ఇచ్చాక కూడా అబ్బాయి వాళ్ల టీవీలో ఈ ఫైలు సపోర్ట్ చేయదని వచ్చింది. కువైట్ అన్న ఐఫోను వీడియోలదీ ఇదే కథ. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు, మరీ పాతవి తప్ప, మనం మార్చకపోతే వీడియోను హెచ్‌ఈవీసీలోనే తీస్తున్నాయి, పైన పెట్టె మాత్రం ఎంఓవీ. ముందు నుంచే మార్చుకోవాలంటే ఐఫోను Settings లోకి వెళ్లి, Camera, అందులో Formats నొక్కి, High Efficiency బదులు Most Compatible పెట్టుకోవాలి. అప్పటి నుంచి తీసేవి హెచ్ 264లో వస్తాయి. అప్పటికే తీసినవి మాత్రం మారవు.

ఇంకో రకం ఫైళ్లు ఉన్నాయి. ఇవి కొత్త టీవీని కూడా తికమక పెడతాయి. కొంతమంది స్టూడియోవాళ్లను బతిమాలి, ఎడిటింగ్ చేయని కెమెరా ఫైళ్లు కూడా తెచ్చుకుంటారు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలలో రంగులు బాగా సరిచేసుకోవడానికి వీలుగా పది బిట్లలో, నాలుగు రెండు రెండు అనే పద్ధతిలో తీసే ఏర్పాటు ఉంది. ఫైలు పేరు ఎంపీ4, కోడెక్ హెచ్ 264. పైకి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ టీవీ చిప్పులు హెచ్ 264ను ఎనిమిది బిట్లలో, నాలుగు రెండు సున్నా పద్ధతిలో ఉంటేనే ఆడతాయి. అందుకే వేలు పోసి కొన్న ఫోర్‌కే టీవీలోనూ అవి రావు. అవి ఎడిటింగ్ కోసం తీసిన ముడిసరుకు. దాచుకోవడానికి మంచివే, టీవీలో చూడటానికి పనికిరావు.

కొందరు ఇంకో చిట్కా చెబుతారు. ఎంకేవీ అని ఉన్న చోట ఎంపీ4 అని పేరు మార్చి పెట్టు, ఆడుతుంది అంటారు. లోపలి కోడెక్ టీవీకి తెలియనప్పుడు పేరు మార్చి లాభం లేదు. ఒక్క చోట మాత్రం ఇది పనిచేస్తుంది, అది పాత డీవీడీలు. అమ్మాయి తల్లిదండ్రుల పెళ్లి క్యాసెట్టును తర్వాత డీవీడీ చేయించి పెట్టుకున్నారు. ఆ డీవీడీని కంప్యూటర్‌లో తెరిస్తే VIDEO_TS అనే ఫోల్డరు, అందులో వీఓబీ అనే ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కోటి 1 జీబీ లోపే ఉంటుంది. లోపల ఉన్నది ఎంపెగ్ 2, టీవీలకు బాగా పాత పరిచయం. కానీ కొన్ని టీవీలు వీఓబీ అనే తోకను గుర్తించక ఫైలును జాబితాలోనే చూపించవు. అలాంటి చోట VTS_01_1.VOB అన్న పేరును VTS_01_1.mpg అని మారిస్తే చాలు, ఆడుతుంది. ఫైలు జాబితాలో కనిపించకపోతే పేరు మార్చి చూడొచ్చు. కనిపించి కూడా ఆడకపోతే పేరు మార్చినా ఫలితం ఉండదు.

ఇంకా పాత డబ్బా టీవీ పెట్టుకుని, దానికి డీవీడీ ప్లేయరు తగిలించి, ప్లేయరు యూఎస్‌బీలో పెన్ డ్రైవ్ పెట్టి చూసే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ ప్లేయర్లలో చాలావాటికి హెచ్ 264 కూడా తెలియదు. వాటికి ఎంపెగ్ 2 గానీ, డివిఎక్స్ లేదా ఎక్స్‌విడ్ పద్ధతిలో చేసిన ఏవీఐ గానీ కావాలి. బొమ్మ కూడా డీవీడీ కొలతకు, అంటే 720 అడ్డం, 576 నిలువు చుక్కలకు మించకూడదు.

మూడో మెట్టు శబ్దం. వీడియో పెట్టెలో బొమ్మతో పాటు శబ్దం విడిగా ఉంటుంది, దానికీ వేరే కోడెక్ ఉంటుంది. బొమ్మ చక్కగా వస్తూ, పంతులు నోరు కదులుతూ మంత్రం వినిపించడం లేదంటే తేడా ఇక్కడే ఉంది. టీవీ స్పీకరు పోయిందని మెకానిక్కును పిలిచే ముందు ఏదైనా ఛానల్ పెట్టి చూడండి. అక్కడ మాట వినిపిస్తే స్పీకరు బాగున్నట్టే. సినిమా ఫైళ్లలో డీటీఎస్ శబ్దం ఉంటే ఇలా అవుతుంది. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్‌ను తీసేసింది. దాంతో పాత టీవీలో వినిపించిన ఫైలు కొత్త టీవీలో మూగబోయిందని ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు. పెళ్లి ఫైళ్లలో డీటీఎస్ ఉండదు కానీ, కెమెరా నుంచి నేరుగా తీసిన ఫైళ్లలో పీసీఎం అనే కుదించని శబ్దం ఉంటుంది. ఎంపీ4 పెట్టెలో ఆ శబ్దాన్ని కొన్ని టీవీలు పట్టించుకోవు. ఎంపీ4లో ఏఏసీ శబ్దం, రెండు చానళ్ల స్టీరియో ఉంటే ఏ టీవీతోనూ ఇబ్బంది రాదు.

ఇక ఫొటోలు. ఫొటోలు సులువని అందరూ అనుకుంటారు. జేపెగ్ ఫొటోను టీవీలన్నీ చూపిస్తాయి, కాని జేపెగ్‌లోనే రెండు రకాలు ఉన్నాయి. మొదటిది బేస్‌లైన్, రెండోది ప్రోగ్రెసివ్. ప్రోగ్రెసివ్ రకం ఇంటర్నెట్ పేజీల కోసం వచ్చింది, బొమ్మ ముందు మసకగా వచ్చి తర్వాత స్పష్టమవుతుంది. టీవీలు బేస్‌లైన్ ఫొటో బాగా పెద్దదైనా సాధారణంగా చూపిస్తాయి గానీ, ప్రోగ్రెసివ్ ఫొటో కాస్త పెద్దదైతే చాలావాటికి చేతకాదు. ఫోల్డరులో సగం ఫొటోలు వచ్చి, మిగతా సగం బూడిదరంగు గళ్లుగా మిగిలిపోయాయంటే కారణం ఇది కావచ్చు. ఫొటోషాప్‌లో సేవ్ చేసేటప్పుడు Baseline అని ఎంచుకుంటే సమస్య తీరుతుంది.

ఆల్బం పేజీల సంగతి ఇంకోటి. మన దగ్గర ఎక్కువగా వేసే ఆల్బం పేజీ 12 అంగుళాలు నిలువు, విప్పితే 36 అంగుళాలు అడ్డం. అచ్చు కోసం అంగుళానికి 300 చుక్కలు పెడతారు. అంటే 10,800 అడ్డం, 3,600 నిలువు, మొత్తం దాదాపు 3 కోట్ల 90 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద ఉండే చుక్కలు 20 లక్షల పైచిలుకు, ఫోర్‌కే తెర మీద 83 లక్షలు. మిగతా చుక్కలన్నీ టీవీకి బరువే. ఒక్కో పేజీ రావడానికి చాలాసేపు పడుతుంది, కొన్ని టీవీలు మధ్యలోనే వదిలేస్తాయి. టీవీ కోసం విడిగా అడ్డం 3,840 చుక్కలకు తగ్గించి ఇంకో ఫోల్డరు చేయించుకుంటే ఫోర్‌కే తెర మీద కూడా తేడా కనిపించదు. అచ్చుకు ఇచ్చే పెద్ద ఫొటోలు వేరే ఫోల్డరులో భద్రంగా ఉంటాయి.

కువైట్ అన్న ఐఫోను ఫొటోలు హెచ్‌ఈఐసీ అనే తోకతో వస్తాయి. చాలా టీవీలకు అవి కనిపించను కూడా కనిపించవు. ఐఫోను Photos సెట్టింగులో Transfer to Mac or PC అనే చోట Automatic పెట్టి, తర్వాత తీగతో కంప్యూటర్‌కు ఎక్కిస్తే ఫోనే వాటిని జేపెగ్‌గా మార్చి ఇస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా జేపెగ్ అవుతుంది కానీ, అక్కడ బాగా కుదించేస్తుంది కాబట్టి పెద్ద తెర మీద మసక తెలుస్తుంది.

ఫైళ్ల పేర్ల గురించి కూడా చెప్పాలి. మనం ముచ్చటపడి ముహూర్తం, తలంబ్రాలు అని తెలుగులో పేర్లు పెడితే చాలా టీవీలు వాటి బదులు చదరపు గళ్లు చూపిస్తాయి. టీవీలో తెలుగు అక్షరాల ఫాంటు లేకపోవడమే కారణం. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు అంకెతో పెట్టండి. అంకె కూడా 1, 2 అని కాకుండా 001, 002 అని పెట్టాలి. లేకపోతే కొన్ని టీవీలు 1 తర్వాత 10, 11 చూపించి, ఆ తర్వాత 2 చూపిస్తాయి. అప్పగింతలు అయ్యాక తలంబ్రాలు వస్తే చూసేవాళ్లకు విసుగు.

సరే, ఇప్పటికే చేతిలో ఉన్న పెన్ డ్రైవ్‌ను ఎలా బాగు చేసుకోవాలి? ముందు లోపల ఏముందో చూడాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు వేసుకుని ఆ వీడియోను తెరవండి. పైన Tools నొక్కితే Codec Information అని ఉంటుంది. అందులో వీడియో ఎదురుగా H264 అని ఉందా, HEVC అని ఉందా, శబ్దం AAC నా, DTS నా అన్నీ రాసి ఉంటాయి. టీవీ ఆడని ఫైలునూ, ఆడే ఫైలునూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి పోల్చి చూస్తే తేడా ఎక్కడో తేలిపోతుంది.

మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. తెరిచి, వీడియో ఫైలును అందులో వేసి, Preset అనే చోట Fast 1080p30 ఎంచుకుని, Start Encode నొక్కితే చాలు. బయటికి వచ్చేది ఎంపీ4, లోపల హెచ్ 264, ఏఏసీ శబ్దం. డ్రోను వీడియో, ఐఫోను వీడియో, కెమెరా ముడిసరుకు, డీటీఎస్ సినిమా అన్నీ ఈ ఒక్క దారిలో బాగుపడతాయి. కొంచెం పాత కంప్యూటర్ అయితే గంట వీడియోకు గంటకు పైగా పట్టవచ్చు. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకుని పెట్టుకోండి. మారిస్తే నాణ్యత కొద్దిగా తగ్గుతుంది కాబట్టి అసలు ఫైలును చెరిపేయకండి. టీవీకి ఒక ప్రతి, దాచుకోవడానికి ఒక ప్రతి ఉండాలి.

పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాక కంప్యూటర్ నుంచి ఊరికే లాగేయకండి. పూర్తయినట్టు తెర మీద కనిపించినా చివరి భాగం ఇంకా రాస్తూ ఉండవచ్చు. కింద మూలన Eject నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయండి. మొదట బాగా ఆడి, సరిగ్గా ఒకే చోట ప్రతిసారీ ఆగిపోయే వీడియో ఉందంటే, అది సగంలో తెగిన ఫైలు కావచ్చు. కోడెక్ తేడా అయితే మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది, గంట ఆడాక బయటపడదు.

ఇంకో రెండు నెలల్లో ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. స్టూడియోకు అడ్వాన్సు ఇచ్చే రోజునే రసీదు వెనక ఈ నాలుగు మాటలు రాయించండి. పెన్ డ్రైవ్ 32 జీబీ, ఫ్యాట్ 32 ఫార్మాట్. వీడియో గంటకొక ఫైలు, ఎంపీ4, హెచ్ 264, ఫుల్ హెచ్‌డీ, ఏఏసీ శబ్దం. ఫొటోలు బేస్‌లైన్ జేపెగ్, టీవీ కోసం చిన్నవి విడిగా. ఫోర్‌కే వీడియో కావాలంటే రెండో పెన్ డ్రైవ్‌లో, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో. ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇది అదనపు ఖర్చేమీ కాదు. వీడియో బయటికి తీసేటప్పుడు ఎంచుకునే నాలుగు గుర్తులు, అంతే. ముందు చెబితే నిమిషం పని, తర్వాత చెబితే మళ్లీ రాత్రంతా కంప్యూటర్ నడవాలి.

పెన్ డ్రైవ్ చేతికి వచ్చాక మీ బంధువులందరిలో ఎవరింట్లో టీవీ అన్నిటికన్నా పాతదో ముందు వాళ్లింట్లోనే పెట్టి చూడండి. ప్రతి ఫైలునూ మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం చూడండి. ఆ టీవీలో అన్నీ వస్తే మిగతా ఇళ్లలోనూ దాదాపు వచ్చేస్తాయి. రాకపోతే ఏ ఫైలు, ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకుని, స్టూడియోకు ఇవ్వాల్సిన చివరి వాయిదా డబ్బు ఇవ్వక ముందే చెప్పండి.